ఇత్తడిని అరగదీసే వెలుగు

త్రీడీ ప్రింటర్ కొన్న ఇంట్లో పిల్లలు తొందరగా అడిగే ఫిలమెంట్లలో చీకట్లో వెలిగేది ఒకటి. పడకగది పైకప్పుకు అంటించే నక్షత్రాలు, తలుపు మీద పేరు, రాత్రిపూట చేతికి తెలిసేలా స్విచ్ బోర్డు చుట్టూ చిన్న పట్టీ... చేసి ఇస్తే వాళ్ల సంబరం ఇంతా అంతా కాదు. ఆ ఫిలమెంట్ చూడ్డానికి లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. బొమ్మల సరుకులా అమాయకంగా ఉంటుంది. దాని పక్కనే నల్లగా, మందకొడి రంగులో కార్బన్ ఫైబర్ ఫిలమెంట్ చుట్ట పెడితే, ఎవరైనా రెండోదాన్నే చూసి జాగ్రత్తపడతారు. విమానాల్లో, రేసు కార్లలో వాడే పదార్థం పేరు కదా! నిజానికి ప్రింటర్ కొసన ఉండే ఇత్తడి నాజిల్‌కు రెండూ శత్రువులే. చాలామంది అనుభవంలో ఆ బొమ్మల సరుకే ముందు దెబ్బ కొడుతుంది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే నాజిల్ చేసే పని చూడాలి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే త్రీడీ ప్రింటర్ జంతికల గొట్టంలాగే పనిచేస్తుంది. 1.75 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్ తీగను ఒక గేరు కిందికి నెడుతుంది. వేడి లోహపు దిమ్మలో అది కరుగుతుంది. కరిగింది 0.4 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి సన్నటి గీతలా బయటికి వస్తుంది. ఆ గీతల మీద గీతలు పేర్చితే వస్తువు తయారవుతుంది. రంధ్రం ఉన్న ఆ చిన్న మొనే నాజిల్.

ఒక కిలో మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్ చుట్టలో దాదాపు 335 మీటర్ల తీగ ఉంటుంది. దాన్ని 0.2 మి.మీ. ఎత్తు, 0.45 మి.మీ. వెడల్పు ఉన్న గీతలుగా పరిస్తే మొత్తం పొడవు సుమారు 9 కిలోమీటర్లు. అంటే ఒక్క చుట్ట అయిపోయేసరికి నాజిల్ మొన తొమ్మిది కిలోమీటర్లు, అప్పుడే పరిచిన ప్లాస్టిక్‌ను రాసుకుంటూ పోతుంది. మామూలు ప్లాస్టిక్ అయితే ఈ రాపిడి లెక్కలోకి రాదు. మెత్తగా కరిగిన పీఎల్ఏ ఇత్తడిని ఏమీ చేయలేదు. అందుకే ఏళ్ల తరబడి ఒకే ఇత్తడి నాజిల్ వాడినవాళ్లు ఉన్నారు. కానీ ఆ ప్లాస్టిక్‌లో గట్టి పదార్థం పొడిగానో ముక్కలుగానో కలిస్తే, ఆ తొమ్మిది కిలోమీటర్లూ గరుకు కాగితం మీద ప్రయాణమే.

కార్బన్ ఫైబర్ ఫిలమెంట్‌లో కలిసేది పొడవాటి నూలు కాదు. ఐదు నుంచి ఏడు మైక్రాన్ల మందం ఉన్న పోగుల్ని మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా తరిగి కలుపుతారు. బరువులో పది నుంచి ఇరవై శాతం దాకా ఉంటుంది. ఇరవై శాతం అయితే కిలో చుట్టలో 200 గ్రాముల కార్బన్ ముక్కలన్నమాట. తరిగిన ప్రతి ముక్కకూ రెండు విరిగిన కొసలుంటాయి. ఆ కొసలే లోహాన్ని గీకుతాయి.

చీకట్లో వెలిగే ఫిలమెంట్ సంగతి ఇంకా ఆసక్తికరం. అందులో వెలుగునిచ్చేది స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పదార్థం. 1993లో జపాన్‌లోని నెమోటో కంపెనీ, దీనికి యూరోపియం, డిస్ప్రోసియం అనే మూలకాల్ని కొద్దిగా చేర్చితే వెలుగు గంటల తరబడి నిలుస్తుందని కనిపెట్టింది. అంతకుముందు వాడిన జింక్ సల్ఫైడ్ వెలుగు త్వరగా మసకబారేది. కొత్తది వచ్చాక గడియారాల ముళ్లు, అత్యవసర ద్వారాల గుర్తులు చాలావరకు దీనికి మారిపోయాయి. ఇబ్బంది ఏమిటంటే ఇది ఎంతో వేడి మీద కాల్చి తయారుచేసే పింగాణీ జాతి స్ఫటికం. గట్టిది, నూరితే పదునైన అంచులతో పగులుతుంది. పైగా మరీ మెత్తగా నూరితే వెలుగు తగ్గిపోతుంది. బాగా వెలగాలంటే స్ఫటికాలు కొంచెం పెద్దవిగానే ఉండాలి. కాబట్టి తయారీదారు దాన్ని పిండిలా చేసి పంపలేడు. పిల్లల గదిలో నక్షత్రం ఎంత బాగా వెలిగితే, ఆ ఫిలమెంట్ నాజిల్‌ను అంత గట్టిగా గీకే అవకాశం ఉంది.

మరి ప్రింటర్ల తయారీదారులు ఇత్తడినే ఎందుకు వాడుతున్నారు? ఇత్తడి చెడ్డ ఎంపిక కానే కాదు. 0.4 మి.మీ. రంధ్రాన్ని నున్నగా తొలచడానికి ఇత్తడి అంత అనువైన లోహం ఇంకొకటి దొరకడం కష్టం. ధర వంద రూపాయల లోపే. అన్నింటికంటే ముఖ్యం, వేడిని చక్కగా మోసుకుపోతుంది. కానీ మెత్తన. గీత పడే గుణాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రం పది అయితే ఇత్తడి మూడు దగ్గర ఉంటుంది. కిటికీ అద్దం ఐదున్నర. గట్టిపరచిన ఉక్కు ఏడుకు అటూ ఇటూ. అద్దం కంటే మెత్తనైన లోహంలోంచి గాజు ముక్కల్లాంటి స్ఫటికాల్ని తోస్తున్నామని గుర్తుంచుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో నాజిళ్లు, హాటెండ్‌లు తయారుచేసే ఈ3డీ అనే కంపెనీ, కలర్‌ఫ్యాబ్ వారి ఇరవై శాతం కార్బన్ ఫైబర్ ఫిలమెంట్ 250 గ్రాములు నడిపిన ఇత్తడి నాజిల్ ఎలా అయిందో ఫొటోలతో చూపించింది. పావు కిలోకే రంధ్రం వెడల్పై, మొన కుంచించుకుపోయింది. పావు కిలో అంటే ఒక చుట్టలో నాలుగో వంతు. ఒకటి రెండు పెద్ద వస్తువులు చేస్తే అయిపోతుంది.

ఇందులో రెండు అరుగుదలలు ఉన్నాయి. వాటిని వేరువేరుగా చూడటం మంచిది, ఎందుకంటే వాటి లక్షణాలు వేరు.

మొదటిది రంధ్రం వెడల్పు కావడం. 0.4 కాస్తా 0.5 అయిందనుకుందాం. రంధ్రం వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అప్పుడు ప్లాస్టిక్ ఎక్కువగా కారిపోతుందని చాలామంది ఊహిస్తారు. అలా జరగదు. ఎంత ప్లాస్టిక్ బయటికి రావాలో నిర్ణయించేది పైన ఉన్న గేరు, కింద ఉన్న రంధ్రం కాదు. మొత్తం కొలత అంతే ఉంటుంది కాబట్టే ఈ జబ్బు చాలాకాలం కంటపడదు. తగ్గేది లోపలి ఒత్తిడి. ఒత్తిడి తగ్గితే గీత అంచులు నిలకడగా రావు. నాజిల్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకేటప్పుడు ప్లాస్టిక్‌ను కాస్త వెనక్కి లాగే ఏర్పాటు ఉంటుంది, దాన్ని రిట్రాక్షన్ అంటారు. పెద్ద రంధ్రం దగ్గర అది సరిపోదు. అందుకని వస్తువు నిండా సాలెగూడు దారాలు మొదలవుతాయి. సన్నటి అక్షరాల అంచులు మొద్దుబారతాయి. కంప్యూటర్‌లో ఉన్న స్లైసర్ ప్రోగ్రామ్ ఇంకా 0.4 రంధ్రమే అనుకుని దానికి తగ్గ సన్న గీతలు వేయమంటుంది. వెడల్పైన రంధ్రం అంత సన్న గీతను తెంపులు లేకుండా వేయలేదు. పైపొరలో గీతకూ గీతకూ మధ్య ఖాళీలు కనిపిస్తాయి.

రెండోది మొన అరిగి పొట్టి కావడం. దీని గురించి తక్కువమంది మాట్లాడతారు గానీ, నా దృష్టిలో ముందుగా పట్టిచ్చేది ఇదే. నాజిల్ అడుగున చిన్న చదునైన ముఖం ఉంటుంది. పరిచిన గీతను అదిమి, నున్నగా చేసేది ఆ ముఖమే. గట్టిపడిన పొరలో పైకి పొడుచుకొచ్చిన ఫైబర్ కొసలు, స్ఫటికాలు ఆ ముఖాన్ని రాపిడి పెడతాయి. మొన శంకువు ఆకారంలో ఉంటుంది కాబట్టి, అరిగేకొద్దీ పొట్టిదవుతూ ముఖం వెడల్పవుతుంది. 0.1 మి.మీ. అరిగిందనుకుందాం. బెడ్‌కూ నాజిల్‌కూ మధ్య 0.2 ఉండాల్సిన ఎడం 0.3 అవుతుంది. మొదటి పొర అంటుకోదు. మనం బెడ్ తుడుస్తాం, జిగురు రాస్తాం, వేడి పెంచుతాం. చివరికి నాజిల్ ఎత్తును సరిచేసే జడ్ ఆఫ్‌సెట్‌ను తగ్గిస్తాం. కొన్నాళ్లకు మళ్లీ తగ్గిస్తాం. ఏ మరమ్మతూ చేయకుండానే జడ్ ఆఫ్‌సెట్ ఒకే దిక్కుకు జరుగుతూ పోతోందంటే, నాజిల్ కరిగిపోతోందని అర్థం.

కొత్త తరం ప్రింటర్లలో ఒక చిక్కు ఉంది. కొన్ని ప్రింటర్లు నాజిల్ మొననే బెడ్‌కు తాకించి ఎత్తు కొలుచుకుంటాయి. మొన ఎంత పొట్టిదైనా ప్రతిసారీ సరిచేసుకుంటాయి. వాడుకకు ఇది సౌకర్యమే. కానీ ఆ హెచ్చరిక మనకు అందదు. అలాంటి ప్రింటర్ ఉన్నవాళ్లు రంధ్రాన్నే నేరుగా చూడాలి.

చూడటం కష్టమేమీ కాదు. నాజిల్‌ను వేడిచేసి, ఫిలమెంట్ తీసేసి, చల్లారాక విప్పండి. ఫోన్ కెమెరాను దగ్గరి ఫొటోల మోడ్‌లో పెట్టి, పక్కన కొత్త నాజిల్ ఉంచి ఫొటో తీయండి. కొత్తదానిలో గుండ్రటి చిన్న రంధ్రం, దాని చుట్టూ స్పష్టమైన అంచు ఉన్న ముఖం కనిపిస్తాయి. అరిగినదానిలో అంచు గుండ్రబడి, రంధ్రం ఒక్కోసారి కోలగా ఉంటుంది. కొలవాలంటే 0.5 మి.మీ. డ్రిల్ బిట్ వెనక వైపు, అంటే నున్నటి కాడ, చాలు. 0.4 నాజిల్‌లోకి అది దూరిందంటే ఆ నాజిల్ పని అయిపోయింది. గాల్లోకి కాసేపు ప్లాస్టిక్ వదిలి ఆ తీగ మందం కొలిచే అలవాటు కొందరికి ఉంది. దాన్ని నమ్మకండి. కరిగిన ప్లాస్టిక్ రంధ్రం దాటగానే ఉబ్బుతుంది. కొత్త నాజిల్‌లోంచి వచ్చినా 0.4 కంటే లావుగానే ఉంటుంది.

ఇక ఉక్కు నాజిల్ సంగతి. హార్డెన్డ్ స్టీల్ అని అమ్మేది పనిముట్లకు వాడే ఉక్కు. దాన్ని ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ తగినంత వేడిచేసి గట్టిపరుస్తారు. ఇది కూడా అరుగుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. ఇత్తడి ఒక చుట్ట కూడా పూర్తిచేయలేని చోట ఇది ఎన్నో చుట్టలు నడుస్తుంది. కొనేటప్పుడు ఒక్క మాట గమనించాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ నాజిల్ కూడా బూడిద రంగులో మెరుస్తూ ఇలాగే ఉంటుంది. అది ఇత్తడికంటే కొంత మెరుగే గానీ, ఈ పనికి గట్టిపరచిన ఉక్కుకు సాటిరాదు. నికెల్ పూత పూసిన ఇత్తడి లేదా రాగి నాజిళ్లూ అంతే. పూత ప్లాస్టిక్ అంటుకోకుండా ఆపుతుంది, రాపిడిని ఎంతోసేపు ఆపలేదు. కాబట్టి పెట్టె మీద హార్డెన్డ్ అనే మాట ఉందా లేదా చూసి తీసుకోండి.

ఉక్కు మీద ఉన్న ప్రధాన ఫిర్యాదు వేడి గురించి. ఫిర్యాదు నిజమే. ఇత్తడితో పోలిస్తే పనిముట్ల ఉక్కు వేడిని నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే మోస్తుంది. ప్రింటర్‌లో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఉండేది లోహపు దిమ్మలో, నాజిల్ మొనలో కాదు. తెర మీద 210 అని కనిపించినప్పుడు దిమ్మ 210లో ఉందని మాత్రమే అర్థం. వస్తువును చల్లార్చే ఫ్యాను గాలి తగిలే మొన అంతకంటే చల్లగా ఉంటుంది. ఇత్తడిలో ఈ తేడా తక్కువ, ఉక్కులో ఎక్కువ. ఇత్తడికి కుదిర్చిన సెట్టింగులతోనే ఉక్కు పెట్టి నడిపి, పొరలు విడిపోతున్నాయని ఉక్కును తిట్టేవాళ్లు మరిచిపోయేది ఇదే.

ఒక లెక్క చేసి చూద్దాం. చీకట్లో వెలిగే పీఎల్ఏను ఇత్తడి నాజిల్‌తో 210 డిగ్రీల దగ్గర, సెకనుకు 50 మి.మీ. వేగంతో నడుపుతున్నారు. గీత 0.2 ఎత్తు, 0.45 వెడల్పు. ఈ మూడూ గుణిస్తే సెకనుకు నాలుగున్నర ఘనపు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కరగాలి. ఇది ఏ మామూలు హాటెండ్‌కైనా సులువైన పని. ఉక్కుకు మారినా వేడి ఐదు నుంచి పది డిగ్రీలు పెంచితే, అంటే 215 లేదా 220 పెడితే, తేడా పట్టుకోలేరు. ఇప్పుడు వేగం 150కి పెంచండి. సెకనుకు పదమూడున్నర ఘనపు మిల్లీమీటర్లు కరగాలి. చాలా సాదా హాటెండ్‌లు ఇత్తడి నాజిల్‌తోనే ఈ అంకె దగ్గర ఆయాసపడతాయి. ఉక్కుతో ఇంకా ముందే చేతులెత్తేస్తాయి. గేరు దగ్గర టక్ టక్ మని శబ్దం వస్తుంది, గీతలు సన్నబడతాయి, చేత్తో వంచితే వస్తువు పొరల దగ్గర విరుగుతుంది. ఇవన్నీ మొన దగ్గర ప్లాస్టిక్ సరిగా కరగలేదనడానికి గుర్తులు.

అందుకే సరైన వేడి ఊహతో కాకుండా పరీక్షతో తేల్చుకోవాలి. ఐదు డిగ్రీలకు ఒక అంతస్తు చొప్పున 205 నుంచి 230 దాకా పెరిగే చిన్న గోపురం ముద్రించి, ఒక్కో అంతస్తునూ విరిచి చూడండి. గట్టిగా నిలిచి, దారాలు తక్కువగా ఉన్న అంతస్తు వేడిని ఖాయం చేసుకోండి. వెలిగే పీఎల్ఏలో మెరుపు కూడా కొంత చెబుతుంది, చల్లగా నడిస్తే పైతలం మసకగా ఉంటుంది. కార్బన్ ఫైబర్‌లో ఆ గుర్తు పనికిరాదు, అది ఎప్పుడూ మసకగానే ఉంటుంది. దాన్ని విరిచి చూడాల్సిందే.

ఉక్కు నాజిల్ బిగించేటప్పుడు చాలామంది చేసే పొరపాటు చల్లగా ఉన్నప్పుడే బిగించి వదిలేయడం. హీటర్ దిమ్మ చాలా ప్రింటర్లలో అల్యూమినియంది. వేడికి అల్యూమినియం ఇత్తడికంటే కాస్త ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. చల్లగా గట్టిగా ఉన్న బిగింపు, 220 డిగ్రీల దగ్గర వదులవుతుంది. కరిగిన ప్లాస్టిక్ మరల్లోంచి పైకి పాకి, దిమ్మ చుట్టూ గడ్డకడుతుంది. వైర్లను కూడా పట్టుకుంటుంది, దాన్ని వదిలించడం పెద్ద నరకం. కాబట్టి నాజిల్‌ను మొదట చేత్తో పూర్తిగా ఎక్కించి, పావు వంతు వెనక్కి తిప్పాలి. పైనుంచి హీట్ బ్రేక్ గొట్టాన్ని దానికి తాకేదాకా దింపాలి. ప్లాస్టిక్ కారకుండా ఆపేది నాజిల్, ఆ గొట్టం ఒకదానికొకటి అదిమిన చోటే తప్ప, నాజిల్ తల దిమ్మకు ఆనిన చోటు కాదు. తరవాత వాడబోయే వేడికంటే కాస్త ఎక్కువకు దిమ్మను తీసుకెళ్లి, ఒక స్పానర్‌తో దిమ్మను కదలకుండా పట్టుకుని, ఇంకోదానితో నాజిల్‌ను చివరిగా బిగించాలి. బలమంతా వాడొద్దు, పొట్టి స్పానర్‌ను వేలితో నెట్టేంత బలం చాలు. లోపల తెల్లటి పీటీఎఫ్‌ఈ గొట్టం నాజిల్ దాకా వచ్చే ప్రింటర్ అయితే 240 దాటనివ్వకండి, ఆ పైన గొట్టం పాడవడం మొదలవుతుంది. ఇదంతా తెలియకపోతే ప్రింటర్ తయారీదారు చెప్పిన పద్ధతి చూసి చేయండి. కొన్ని కొత్త ప్రింటర్లలో నాజిల్, గొట్టం కలిసే ఒక్క ముక్కగా వస్తాయి, వాటికి ఈ తిప్పలేదు.

రంధ్రం పరిమాణం విషయంలో నా సలహా నిక్కచ్చిగా ఉంటుంది. ఉక్కుకు ఎలాగూ మారుతున్నారు కాబట్టి 0.6 మి.మీ. తీసుకోండి. కార్బన్ ఫైబర్ ముక్కలు 0.4 రంధ్రం నోటి దగ్గర ఒకదానికొకటి అడ్డుపడి గుత్తిగా పేరుకుంటాయి. ప్రింట్ సగంలో నాజిల్ మూసుకుపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే. 0.6లో ఈ బెడద బాగా తగ్గుతుంది. వెలిగే ఫిలమెంట్‌కు 0.4 కూడా సరిపోతుంది, కానీ 0.6తో గోడ మందంగా వస్తుంది, మందం పెరిగితే వెలుగు నింపుకునే పదార్థమూ పెరుగుతుంది. నక్షత్రాలకు అది మేలే. సన్న అక్షరాలున్న పేరు పలకలకు మాత్రం 0.4 ఉంచుకోవాలి.

ఉక్కు కూడా చాలని చోట ఏం చేస్తారనేదానికి స్వీడన్‌లో ఒక ఉదాహరణ ఉంది. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఆండర్స్ ఒల్సన్ అనే ఇంజినీరు, న్యూట్రాన్లను అడ్డుకునే వస్తువుల కోసం బోరాన్ కార్బైడ్ కలిపిన ఫిలమెంట్ ముద్రించాల్సి వచ్చింది. బోరాన్ కార్బైడ్ గట్టిదనంలో వజ్రం తరవాతి వరసలో ఉండే పదార్థం. నాజిళ్లు నిలవలేదు. ఆయన ఇత్తడి ఒంటికి కెంపు మొన పొదిగిన నాజిల్ తయారుచేశారు. వేడి మోసే పని ఇత్తడికి, రాపిడి తట్టుకునే పని కెంపుకు అప్పగించారు. ఆలోచన ఎంతో అందమైనది. ఇంటి ప్రింటర్‌కు మాత్రం అది అక్కరలేదు. ధర వేలల్లో ఉంటుంది, మొన బెడ్‌కు గుద్దుకుంటే కెంపు చిట్లిపోయే ప్రమాదమూ ఉంది.

నాజిల్ మార్చగానే పని అయిపోయిందనుకోకండి. ఫిలమెంట్ ముందుగా తాకేది పైన ఉన్న గేరును. చవక ప్రింటర్లలో ఆ గేరు కూడా ఇత్తడిదే ఉంటుంది. గట్టి పొడి కలిసిన తీగ దాని పళ్లను కూడా నెమ్మదిగా తినేస్తుంది. ఫిలమెంట్ లోపలికి వెళ్లే ప్లాస్టిక్ రంధ్రం దగ్గర గాడి పడుతుంది. ఉక్కు నాజిల్ పెట్టాక కూడా గీతలు సన్నగా వస్తుంటే, పళ్లు గుండ్రబడ్డాయేమో టార్చి వేసి చూడండి. ఉక్కు గేర్లు విడిగా దొరుకుతాయి.

నా తీర్పు ఇది. నెలకోసారైనా ఇలాంటి ఫిలమెంట్ వాడేవాళ్లు 0.6 హార్డెన్డ్ స్టీల్ నాజిల్ పెట్టి, వేడి పదింతలు కాదు, పది డిగ్రీలు పెంచి, మామూలు ప్లాస్టిక్‌కు కూడా దాన్నే ఉంచేయవచ్చు. వేగం కాస్త తగ్గినా ప్రతిసారీ విప్పి బిగించే బాధ ఉండదు. రంగురంగుల మామూలు పీఎల్ఏ మాత్రమే వాడేవాళ్లకు, వేగమే ముఖ్యమైనవాళ్లకు ఇత్తడే మంచిది, ఉక్కు కొనక్కర్లేదు. పండక్కి ఒక్కసారి నాలుగు నక్షత్రాలు చేసుకునేవాళ్లు పాత ఇత్తడి నాజిల్‌తో చేసి, ఆ తరవాత దాన్ని పారేసి, కొత్తది వేసుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. అరిగిన నాజిల్‌ను మామూలు పనులకు మళ్లీ వాడటమే తప్పు. వెలిగే చుట్ట గానీ, కార్బన్ చుట్ట గానీ ఆర్డర్ పెట్టేటప్పుడు నాజిల్‌ను కూడా అదే ఆర్డర్‌లో చేర్చండి.